బోర్డు సాఫ్, చేతులు అలుకు

మా అక్కకు పుట్టినప్పటి నుంచీ వినబడదు. సిద్దిపేటలో వినబడని పిల్లల బడిలో పదో తరగతికి సైగల్లో లెక్కలు చెప్తుంది. నేను పాత బస్టాండు దగ్గర ఒక గదిలో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. ఆ సంవత్సరం పరీక్షల ముందు పిల్లలు ఇంటి దగ్గర చూసుకోవడానికి వీడియో పాఠాలు చేద్దామని అక్క అంది. కెమెరా నాది, చేతులు అక్కవి. పద్నాలుగు పాఠాలు తీశాం. పరీక్షలకు ఇంకా నెలా పదిహేను రోజులున్నాయనగా బడి పెద్ద మేడం నుంచి ఫోన్ వచ్చింది.

"బోర్డు మీద రాసింది సాఫ్ కనవడ్తుందమ్మా. మీ అక్క చేతులే అలుక్కపోతున్నయ్. మూడు వేళ్లా, నాలుగు వేళ్లా పిల్లలకు తెలుస్తలేదు. గిట్లనే ఉంటే వీడియోలు బంద్ పెట్టి అచ్చు నోట్సు ఇస్త."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పదేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నా వీడియోకు వంక పెట్టడమా అనుకున్నాను. తప్పు కెమెరాదన్నాను, పిల్లల ఫోన్లదన్నాను. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఫోన్లకు ఎంఓవీ ఫైల్ పడటం లేదేమోనని పేరు చివర ఎంపీ4 అని మార్చి మళ్లీ పంపాను. ఎంపీ4, ఎంఓవీ అన్నవి డబ్బాలు. లోపల బొమ్మను కుదించిన పద్ధతి, అంటే కోడెక్, వేరే సంగతి. పేరు మారిస్తే డబ్బా కూడా మారదు, చీటీ మాత్రమే మారుతుంది. నేతి బీరకాయలో నెయ్యి ఉన్నంతే ఆ ఫైల్‌లో మార్పు ఉంది. చేతులు అలాగే అలుక్కుపోయి కనబడ్డాయి.

నోట్సు మాట అక్కకు చెప్పినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. అక్క పదో తరగతి మామూలు బడిలో చదివింది. పక్క పిల్ల పుస్తకంలోంచి ఏడాదంతా ఎక్కించుకుంది, ఒక్క ముక్క అర్థం కాకుండా. లెక్కలు రెండుసార్లు తప్పింది. అక్క సైగల్ని మా ఇంటి మాటలో రాస్తే ఇలా ఉంటుంది. "నోట్సుతోటి వస్తే నాకే వస్తుండె కదా. చేతులు ఎక్కడ పాడైతున్నయో చూడు."

చూశాను. పద్నాలుగో పాఠం ఒక్కటి ఇంకా కెమెరా కార్డులోనే ఉంది. దాన్ని తెరిచి, అక్క చేయి వేగంగా తిరిగే చోట ఆపాను. ప్రతి వేలూ విడివిడిగా ఉంది. అదే చోట నేను పంపిన కాపీని ఆపాను. వేళ్లన్నీ కలిసి ఒక ముద్ద. పక్కన బోర్డు మీది సుద్ద గీత మాత్రం స్పష్టంగా ఉంది. కెమెరా తప్పు కాదు, ఫోన్ల తప్పూ కాదు. తప్పు నాదే.

జరిగింది ఏంటంటే, కెమెరా హెచ్ 265 అనే కోడెక్‌లో రాస్తుంది. అది ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచుకోదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ పెట్టి, మధ్యలో మారినంత మేరకే రాసుకుంటుంది. అందుకే ఫైల్ చిన్నగా వస్తుంది. కానీ ఎడిటింగ్‌లో మధ్యలో ఎక్కడైనా ఆగాలంటే కంప్యూటర్ వెనకున్న పూర్తి బొమ్మ దాకా వెళ్లి అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. నా పాత మిషన్‌కు అంత ఓపిక లేదు, మొరాయిస్తుంది. అందుకని నేను ముందే అన్నిటినీ బాగా నొక్కి హెచ్ 264 అనే పాత కోడెక్‌లో చిన్న ఫైళ్లు చేసుకుని, వాటినే కోసి, మళ్లీ చిన్నగా బయటికి తీసేదాన్ని. పిల్లల ఫోన్ గ్రూపులో వీడియోగా పంపితే అక్కడ మూడోసారి నలిగేది. డేటా తక్కువైనప్పుడు కదలని బోర్డుకు సరిపోతుంది, కదిలే చేతులకు చాలదు. పెళ్లిళ్లలో ఇది బయటపడలేదు. తలంబ్రాలు పోసేటప్పుడు బియ్యం గింజలు ముద్దగా కనబడినా ఎవరూ అడగలేదు. ముఖాలు కనబడితే చాలు వాళ్లకు.

ఇంతవరకైతే పద్నాలుగు పాఠాలూ మళ్లీ కోసి ఇచ్చేదాన్ని. కానీ డిస్కులో జాగా కోసం చిన్న కాపీలు ఉంచుకుని కెమెరా ఫైళ్లు తుడిచేయడం నా అలవాటు. పదమూడు పాఠాలు లేవు. కార్డుల మీద ఆ తర్వాత కుకునూరుపల్లి పెళ్లి ఒకటి ఎక్కింది కూడా. పోయిన ఫైళ్లు తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక రోజంతా వెతికాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, దొరికినవన్నీ తెరుచుకోని ముక్కలు. చిన్న కాపీని పెద్ద ఫైల్‌గా మారిస్తే ఫైల్ బరువెక్కుతుంది తప్ప పోయిన వేళ్లు తిరిగి రావు.

అక్కతో అబద్ధం చెప్పాలని ఒక పూట అనిపించింది. కార్డు పాడైందంటే నమ్మేది. సిగ్గుతో చచ్చిపోతూనే నిజం చెప్పాను, నేనే తుడిచేశానని. అక్క లేచి బోర్డు తుడిచి, మొదటి పాఠం లెక్క రాసింది. నా వైపు తిరిగి, "కెమెరా పెట్టు. ఈసారి ఏదీ తుడువకు," అంది.

రోజూ బడి అయ్యాక ఒక పాఠం తీశాం. ప్రతి కెమెరా ఫైల్‌నూ రెండు డిస్కుల్లో వేశాకే కార్డు ఖాళీ చేశాను. ఎడిటింగ్ కోసం ప్రోరెస్ అనే కోడెక్‌లోకి మార్చాను. అది ప్రతి బొమ్మనూ దేనికది విడిగా దాస్తుంది కాబట్టి నా ముసలి మిషన్ కూడా ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగింది. బరువు మాత్రం మామూలుగా లేదు. కెమెరాలో మూడున్నర జీబీ ఉన్న పది నిమిషాల పాఠం పద్దెనిమిది జీబీ అయింది. కానివ్వు, పని అయ్యాక దాన్ని తుడిచేయొచ్చు, కెమెరా ఫైల్ ఉంటే ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు. ఇన్నేళ్లూ నేను సరిగ్గా దీనికి తలకిందులుగా చేశాను.

చివరి కాపీ మాత్రం హెచ్ 264లోనే తీశాను, ఎంపీ4 డబ్బాలో. ఎంత పాత ఫోనైనా దాన్ని ఆడిస్తుంది. ఈసారి డేటా మాత్రం పిసినారితనం లేకుండా ఇచ్చాను. గ్రూపులో వీడియోగా పంపడం మానేసి నెట్‌లో ఒక వీడియో ఛానెల్‌లో ఎక్కించి లింకు ఇచ్చాను. అక్కడ కూడా వీడియోను మళ్లీ కుదిస్తారు. అందుకే ఇచ్చేది బాగుండాలి. పంపేముందు ప్రతి పాఠాన్నీ పిల్లల దగ్గరుండేలాంటి చిన్న ఫోన్‌లో పెట్టి, చేయి బాగా తిరిగే చోట ఆపి వేళ్లు లెక్కబెట్టాను. లెక్క తేలకపోతే మళ్లీ తీశాను.

తొమ్మిదో పాఠం ఎక్కించిన మర్నాడు గజ్వేల్ నుంచి ఒక పదో తరగతి అమ్మాయి అక్కకు వీడియో కాల్ చేసింది. ఆ పిల్ల ముఖంలో గాభరా చూసి మళ్లీ అలుక్కుపోయిందేమో అనుకున్నాను. ఆ పిల్ల ఫోన్‌ను దేనికో ఆనించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని అడిగింది. "మేడం, ఐదో నిమిషంల బోర్డు మీద నాలుగున్నది. మీ చేయి మూడు చూపిస్తుంది. ఏది నిజం?"

మేం పాఠం తెరిచి ఆపి చూశాం. నిజమే. బోర్డు మీద నాలుగు. అక్క చేయి మూడు వేళ్లు చూపిస్తోంది, ఎవరూ కాదనలేనంత స్పష్టంగా. పిల్లల ముందు లెక్క తప్పినందుకు ఇంత సంతోషపడ్డ టీచర్‌ను నేను చూడలేదు. అక్క ఆ పిల్లకు నాలుగు వేళ్లు చూపించి, తప్పు నాదేనని ఒప్పుకుంది. తర్వాత నా భుజం తట్టి, కెమెరా వైపు చూపించి బోర్డు ముందుకు నడిచింది.