ఉరవకొండలో పడింది

అనంతపురంలోని ఓ పంటల బీమా ఆఫీసులో తిప్పేష్ పని వానలెక్క. పొద్దున్నే వాతావరణ కంపెనీ వెబ్‌సైటు తెరిచి, మండలాల అంకెలన్నీ ఎక్సెల్‌లో కొట్టేవాడు. ఎక్కడైనా చినుకు పడితే "ఉరవకొండలో పడిందప్పా!" అని కేకేసేవాడు. ఆఫీసంతా లేచి అతని చుట్టూ మూగేది.

2009లో కొత్తగా చేరిన ఉమాదేవి ఆ కంపెనీకి మెయిల్ రాసింది: "వానలెక్క చూపే మా డాష్‌బోర్డు తెర తనంతట తానే మీ సర్వర్ నుంచి అంకెలు తెచ్చుకునేలా ఏపీఐ కీ ఇవ్వండి. అరవై మూడు మండలాలకు గంటకోసారి అడిగితే రోజుకు పదిహేను వందల సార్లు దాటుతుంది. మీ పరిమితి ఐదు వందలే. రెండు వేలకు పెంచండి."

తిప్పేష్‌కు ఒళ్లు మండింది.

"వానే రాని సీమకు గంటగంటకూ అడిగేదేముందమ్మా? వాళ్లు నవ్వుతారు."

ఎవరూ నవ్వలేదు. వారంలో కీ వచ్చింది, పరిమితీ పెరిగింది. మేనేజరు ఉమాదేవిని మెచ్చుకుంటుంటే తిప్పేష్ టీకి లేచిపోయాడు. తెర నిండా రోజూ సున్నాలే కనిపిస్తుంటే లోలోపల సంతోషించాడు.

ఒక మధ్యాహ్నం ఉమాదేవి కుర్చీ తిప్పి పిలిచింది.

"తిప్పేషన్నా, ఉరవకొండలో పడిందంట, సూడు!"

ఆఫీసంతా లేచి ఆమె చుట్టూ మూగింది. ఆ సీమలో పుట్టి, వాన పడినందుకు ఏడుపొచ్చింది తిప్పేష్‌ ఒక్కడికే.