అనువాదాలాయన రాసిన అత్త

మా వీధి అనువాదాలాయన ఒంటరి ఆడమనిషి మీద మోజుతో కాగితాల్లో దొంగ వరస రాశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న కుళాయి దగ్గర కుట్టుమిషనావిడ కూడా అదే పాట ఎత్తుకుంది.

"నిప్పు లేందే పొగ రాదు కదా పిన్నీ."

"పొగ చూశావు సరే, పొయ్యి ఎవరిదో చూశావా?" అన్నాను.

ఆ పొయ్యి పక్కన కూర్చున్నదాన్ని నేను. అందుకే రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు; తప్పులుంటే సర్దుకోండి.

ఇరవై ఏళ్ల కిందటి సంగతి. మా మేడ మీద ఒకావిడ అద్దెకుండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆ భర్త అక్కకూతురే ఆవిడ దగ్గర పెరుగుతున్న పదకొండేళ్ల పిల్ల. పిల్ల తల్లి మన తెలుగమ్మాయి, తండ్రి బెంగాలీ. ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోయారు. అప్పటినుంచీ పిల్లకి అన్నం పెట్టిందీ జడ వేసిందీ ఈ అత్తే. ఇక పిల్ల తన దగ్గరే ఉండేలా కాగితం కావాలని అర్జీ పెట్టుకుంది.

మాది హిందీ ఊళ్లో తెలుగు వీధి, ఆఫీసులో వ్యవహారమంతా హిందీలో. పిల్ల పెదనాన్నకి బెంగాలీ తప్ప రాదు. ఆయన ఒప్పుకోకపోతే పిల్లని ఆయనింటికి పంపించేస్తారు. అందుకని పిల్ల తెలుగులో రాసిచ్చిన వాంగ్మూలాన్ని రెండు భాషల్లోకీ మార్చడానికి అనువాదాలాయనకి ఇచ్చారు. రిజిస్ట్రీ ఆఫీసు ఎదురుగా చిన్న గది ఆయనది. టేబుల్ మీద భాషకొకటి చొప్పున మూడు కలాలు, సిరా వాసన వేసే ముద్ర. ఆ గదిలో ఏం జరుగుతోందో చూడకుండా నేనెప్పుడూ కూరగాయలకి వెళ్లలేదు.

పిల్ల రాసింది రెండే ముక్కలు: "మామయ్య పోయినా నన్ను మా అత్తే పెంచింది. అత్త దగ్గరే ఉంటాను."

ఆయన చకచకా రాసేశాడు. హిందీలో అత్త బువా, మామయ్య ఫూఫా. బెంగాలీలో పిషి, పిషేమొషాయ్. ముద్ర కొట్టి పంపాడు.

విచారణ రోజు సాక్షిగా నేనూ వెళ్లాను. పెదనాన్న కాగితం చదివి లేచి నిలబడ్డాడు. ఆయన మాటల్ని ఆఫీసు గుమాస్తా హిందీలో చెప్పాడు, నాకూ అర్థమైంది. తన తమ్ముడికి అక్కచెల్లెళ్లే లేరట. మేనత్తనని చెప్పుకుంటున్న ఈ మనిషెవరో, ఎందుకు అబద్ధమాడుతోందో తేల్చమన్నాడు. మేడ మీదావిడకి హిందీ ఒక్క ముక్కా తెలియదు. పిల్ల చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. అధికారి వారం గడువిచ్చాడు. వరస తేలకపోతే పిల్ల పెదనాన్నతో వెళ్లాల్సిందే.

కబురు వినగానే అనువాదాలాయన మొహం పాలిపోయింది. అత్తనీ పిల్లనీ గదికి పిలిచి, ఎవరు ఎవరికి ఏమవుతారో అడుగుతూ గీతలు గీసుకున్నాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తలుపు తెరిచే ఉంది, గుమ్మంలో నేనే ఉన్నాను. ఊరివాళ్లు మాత్రం కిటికీలోంచి కనిపించినంతే చూశారు.

"మన అత్త అనే మాటలో ఇద్దరున్నారమ్మా, నాన్న చెల్లెలూ, మామయ్య భార్యా. వాళ్ల భాషల్లో వేరే వేరే పేర్లు. నేను అడగాల్సింది, అడగలేదు" అన్నాడాయన.

"మామయ్య అని కూడా రాసింది కదండీ పిల్ల?" అంది ఆవిడ.

"మేనత్త మొగుణ్ణీ మామయ్యే అంటాం కదమ్మా."

కొత్త కాగితంలో హిందీకి మామీ, బెంగాలీకి మామీమా అని రాసి, ప్రతి వరస కిందా "తల్లి తమ్ముడి భార్య" అని విడమరిచి రాశాడు. అధికారి ముందు నిలబడి, "పిల్ల రాసింది నిజం. తప్పు నాది" అన్నాడు. అధికారి మూడు నెలలు ఆయన ముద్ర లాగేసుకున్నాడు. ఒకే ఆడమనిషికి ఒకే చేతిరాతతో రెండు వరసలు. పుకారుకి ఇంకేం కావాలి?

పెదనాన్న కొత్త కాగితం రెండుసార్లు చదివాడు. పిల్ల జడ వంక చూశాడు. "మామీమా దగ్గరే ఉండనీ" అని సంతకం పెట్టాడు. బయటికొచ్చాక ఆవిడ అనువాదాలాయన్ని అడిగింది.

"ఆయన నన్నేమన్నారండీ?"

"అత్త అనే అన్నాడమ్మా. కాకపోతే వాళ్ల మాట చివర అమ్మ ఉంటుంది. మనం అలా అత్తమ్మా అంటే పిల్లకి పెళ్లి చేసేసినట్టుంటుంది" అన్నాడాయన. అర్జీ పెట్టాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఆ పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, అత్తని దగ్గరే పెట్టుకుంది. ఆయన గదిలో ఫొటోల దుకాణం వచ్చింది. కలాలు మాత్రం ఇంట్లో భద్రంగా ఉన్నాయి. నా కడుపులో ఒక్క ప్రశ్న ఇరవై ఏళ్లు నానింది, అదీ నాలాంటిదాని కడుపులో. నిన్న అరుగు మీద దొరికాడు, అడిగేశాను.

"తమ్ముడూ, పిల్ల మూడిళ్ల అవతలే ఉండేది కదా. ఏ అత్త అని ఒక్క మాట అడక్కుండా మేనత్త అని ఎలా రాసేశావు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయిందక్కా. మా నాన్న చెల్లెలే పెంచింది. ఆ పిల్ల రాత చదువుతుంటే నాకు మా అత్తే కనిపించింది. ఇంకెవరినని అడగను?"