బొగ్గు బస్సుకు పెట్రోలు లెక్క

యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో ఒక బస్సు సర్వీసుకు నేను లెక్కలు రాసేవాణ్ణి. ఆరు బస్సులు ఉండేవి. మా కాపురం బస్సుల షెడ్డు వెనక గదిలో. ఓనరు గారు అద్దె తీసుకోకుండా ఇచ్చారు. గదికి ఒకటే తలుపు, అదీ షెడ్డులోకే. పొద్దున్నే బస్సులు బయలుదేరేదాకా మా ఆవిడ పొయ్యి వెలిగించేది కాదు. ఎప్పుడన్నా ముందే వెలిగించినా మా పొయ్యి పొగ ఏదో, బొగ్గు బస్సు పొగ ఏదో తెలిసేది కాదు.

పెట్రోలుకు కరువు కదా, ఆరింటిలో ఒక బస్సుకు వెనక గ్యాసు ప్లాంటు బిగించారు. చూడటానికి పెద్ద ఇనుప పీపా. అందులో బొగ్గు పోసి రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేది. బండి లేవటానికి మాత్రం కాస్త పెట్రోలు కావాలి. ఊరు దాటాక డ్రైవరు పెట్రోలు కట్టేసి గ్యాసు మీదికి తిప్పేవాడు. అది పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల పోయి, రాత్రికి అక్కడే ఆగి, మర్నాడు తిరిగొచ్చేది.

పెట్రోలు కూపన్ల మీదే దొరికేది. కూపను వెనక బస్సు నంబరు రాసి, డ్రైవరు సంతకం పెట్టి బంకులో ఇస్తే పోసేవారు. బంకువాళ్లు తారీకు వేసి కూపన్లను రేషను ఆఫీసుకు పంపాలి. అక్కడినుంచే మాకు కాగితం వచ్చింది. బొగ్గుతో నడిచే బస్సు నంబరు మీద మామూలు బస్సుకు పట్టినంత పెట్రోలు ఎందుకు తీశారో చెప్పమని. ట్రిప్పు షీట్లు, మైలు మీటరు అంకెలు, కూపన్లు మూడూ సరిచూసి, చూసినవాడి సంతకంతో జవాబు పంపమని.

ఓనరు గారు నన్ను ముందు గదిలోకి పిలిచి ఆ కాగితం చేతికిచ్చారు.

"నువ్వే చూడవయ్యా. నీ సంతకమైతే ఎవురూ నోరెత్తరు. అబద్ధం ఆడవని ఊరంతా ఎరుగును."

నేను మిషను బడిలో చదువుకున్నాను. ఆదివారం మందిరంలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. ఆ మాట విని సంతోషించాను. దేవుని నామానికి మహిమ కలిగిందనుకున్నాను. ఆ మాటే నాకు తాడు అవుతుందని అప్పుడు తెలియదు.

ముందు ట్రిప్పు షీట్లలో రాసిన మైళ్లను మీటరు అంకెలతో పోల్చాను. సరిపోయాయి. బస్సు దారి తప్పి ఎక్కడికీ పోలేదు. తర్వాత రేషను ఆఫీసుకు పోయి కూపన్లు చూసి, తారీకులతో సహా రాసుకొచ్చాను. రేషను ఆఫీసరు రాసింది నిజమే. బండి లేవటానికి కావలసినదానికంటే ఎన్నో రెట్లు పెట్రోలు తీసి ఉంది. ప్రతి కూపను మీదా డ్రైవరు సంతకమే.

బొగ్గు వేయటానికి బద్ధకించి పెట్రోలు మీదే నడిపాడేమో అనుకున్నాను. అదైతే మందలింపుతో పోయే తప్పు. అందుకని బొగ్గు కొట్టు లెక్క తీశాను. బస్తా బొగ్గు ఎన్ని మైళ్లు లాగుతుందో మాకు తెలుసు. వాడిన బస్తాలతో మైళ్లు కట్టి చూస్తే మాచర్ల దారి మొత్తానికీ సరిపోయింది. అంటే బస్సు బొగ్గు మీదే నడిచింది. తీసిన పెట్రోలు ఆ ఇంజనులో పడలేదు.

మేలు చేద్దామని తీసిన లెక్క అతని మెడకే చుట్టుకుంది. ఆ రోజుల్లో కూపను పెట్రోలు బయట అమ్మితే జైలు. లైసెన్సు పోతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా నింద నిలవదని లేఖనాల్లో నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ షీటు, మీటరు, కూపను, బొగ్గు నలుగురు సాక్షుల్లా నిలబడి ఒక్కడి వైపే వేలు చూపిస్తున్నాయి.

అయినా నా మనసుకు ఎక్కలేదు. ఆ డ్రైవరు నోటి దురుసు మనిషే గాని చేతివాటం మనిషి కాడు. మోకరించి ప్రార్థన చేసుకుని, ఈసారి మైళ్లు వదిలేసి తారీకులు పట్టుకున్నాను. అప్పుడు కనపడింది. అంతకుముందు నెలలో బస్సు చక్రం మీది కమాను పట్టా విరిగి నాలుగు రోజులు మాచర్లలో ఆగిపోయింది. షీటులో 'హాల్టు' అని ఉంది. మీటరు అంకె కదల్లేదు. కమ్మరి కొలిమి దగ్గర పట్టా అతికించుకుంటూ డ్రైవరు కూడా అక్కడే ఉన్నాడు. ఆ నాలుగు రోజుల్లో మూడు రోజులు నరసరావుపేట బంకులో ఆ బస్సు నంబరు మీద, ఆ డ్రైవరు సంతకంతో పెట్రోలు తీసి ఉంది.

మర్నాడు బస్సు వచ్చాక డ్రైవరును పక్కకు పిలిచి అడిగాను.

"కూపన్ల మీద సంతకాలు నీవేనా?"

"నావే అన్నా. నెల మొదట్లో కట్టంతా ఒకేసారి మడ్‌గార్డు మీద పెట్టి సంతకాలు పెట్టించుకుంటారు గదా. రోజూ యాడ పెట్టను, చేతులకి బొగ్గు మసాయె."

"సంతకం పెట్టినాక కట్ట ఎవరి దగ్గర ఉంటుంది?"

"ఇంకెవరి దగ్గర? ఇనప్పెట్టెలో. తాళం ఓనరు గారి మొలతాడుకి. నాకు ట్రిప్పుకొకటి చేతిలో పెడతారు, పిల్లోడికి బెల్లమ్ముక్క పెట్టినట్టు." నా ముఖం చూసి నవ్వటం ఆపాడు. "ఏంది అన్నా? నా మీదికేమన్నా వచ్చిందా?"

చెప్పాను. అతను బస్సు బానెట్టు మీద చెయ్యి ఆనించాడు.

"నీ చేతిలోనే ఉందన్నమాట. నీకు జీతం ఇచ్చేదీ ఆయనే, ఇల్లు ఇచ్చిందీ ఆయనే." అని, మళ్లీ అన్నాడు, "నాకు స్టీరింగు తప్ప ఇంకో పని రాదు. అది గుర్తు పెట్టుకుని ఏం రాస్తావో రాయి."

ఓనరు గారికి నేను తారీకులు చూపించాను. ఆయన కోప్పడతారని గుండె గట్టి చేసుకుని వెళ్లాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు, నన్ను ఎన్నడూ ఎదురుగా కూర్చోబెట్టని మనిషి.

"మా అల్లుడి కారుకి పోయింది కొంత. పొగాకు తోలుకోను కొంత. దాచేదేముంది నీ దగ్గర? నేను దొంగనని తేల్తే ఆరు బస్సుల పర్మిట్లూ పోతయ్. డ్రైవర్లు, కండక్టర్లు, బొగ్గు గొట్టేవోళ్లు ఎంతమంది నోట్లో మట్టి పడుద్దో నువ్వే చెప్పు. వాడి మీదికి పోతే వాడొక్కడికే. వాడి ఇల్లు నేను చూసుకుంటా."

"అబద్ధం రాయలేనండి."

"నిన్ను అబద్ధం రాయమన్నదెవురయ్యా? ఆ సంతకం వాడిదా, కాదా? వాడిదే. ఆ ఒక్క ముక్క రాయి. తారీకుల గొడవ నిన్నెవురు అడిగారు?"

అక్కడ చిక్కుకున్నాను. ఆయన రాయమన్న దాంట్లో ఒక్క అంకె తప్పు లేదు. ప్రతి మాటా నిజం. అన్నీ కలిపితే మాత్రం ఒక మనిషిని జైల్లో పెట్టే అబద్ధం.

సంఘ పెద్ద దగ్గరికి వెళ్లాను. నాకు బాప్తిస్మం రోజున తోడు నిలబడినవాడు, తండ్రి లాంటివాడు. మందిరంలో బల్లలు తుడుస్తున్నాడు. అంతా విని తల పైకెత్తి కప్పు వైపు చూశాడు.

"ఈ రేకులు ఎవురిచ్చారు నాయనా?"

నాకు తెలుసు. పాత తాటాకు కప్పు గాలివానకు లేచిపోతే ఓనరు గారే వేయించారు.

"మనోళ్లు నలుగురు ఆయన షెడ్డులోనే బతుకుతన్నారు. వానొస్తే మళ్లీ తడవమంటావా సంఘాన్ని? నోరు తెరవటమే గాదు, ఊరుకోటం గూడా ఒక్కోసారి ప్రేమే."

"ఆ డ్రైవరు మనవాడు కాదు, అందుకేనా పెద్దయ్యా?"

ఆయన పక్క బల్లకు జరిగాడు. తుడవటం ఆపలేదు. ఇద్దరం కలిసి ప్రార్థన చేశాం. ఆయన ఒకదాని కోసం, నేను ఇంకొకదాని కోసం. ఒకే కప్పు కింద ఒకే దేవుణ్ణి అడిగాం.

ఇంటికొస్తే షెడ్డు, షెడ్డు దాటితే గది. మా ఆవిడకు ఏడో నెల. నడుం పట్టుకుని నిలబడి అడిగింది.

"ఎల్లగొడతాడా మనల్ని?"

"తెలవదు."

"సరేలే. ఎల్లగొడితే పురుడు మా అమ్మోళ్ల ఊళ్లో పోసుకుంటా. నువ్వు మాత్రం రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవమాక, నాకు నిద్ర ఉండట్లేదు."

జవాబులో నేను అన్నీ రాశాను. మైళ్లు, బొగ్గు, కూపన్లు, మాచర్లలో ఆగిన రోజులు. దొంగ ఫలానా అని రాయలేదు, అది కాగితాల్లో లేదు గనక. ఓనరు గారు చదివి, మడిచి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. పంపలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. పైగా ఆ సాయంత్రం మా గదికి బియ్యం బస్తా పంపారు. ఆ బస్తాను వెనక్కి పంపటానికి మా తలుపు అవతల ఆయన షెడ్డు తప్ప వేరే దారి లేదు. బస్తా గుమ్మం పక్కనే ఉండిపోయింది, విప్పలేదు.

జవాబు అందకపోయేసరికి ఆఫీసరే వచ్చాడు. షెడ్డులోనే బల్ల వేయించుకున్నాడు. ఓనరు గారు పక్కన నిలబడ్డారు. డ్రైవరును ఎదురుగా నిలబెట్టారు. ఆఫీసరు కూపన్లు పరిచి నన్ను అడిగాడు.

"ఈ సంతకాలు ఇతనివేనా?"

"ఇతనివే."

డ్రైవరు నా వైపు చూడలేదు, నేల చూశాడు. ఆఫీసరు రాసుకుంటున్నాడు. అడిగిన దానికి జవాబు అయిపోయింది. ఓనరు గారు అప్పటికే కాఫీ తెమ్మని కేకేశారు.

"అయ్యా, ఇంకొక మాట ఉంది," అన్నాను. "ఈ మూడు కూపన్లకు ఇక్కడ పెట్రోలు పోసిన రోజుల్లో ఈ బస్సూ ఇతనూ మాచర్లలో ఉన్నారు." షీట్లు, బొగ్గు లెక్క బల్ల మీద పెట్టాను.

ఆఫీసరు తారీకులకు తారీకులు పెట్టి చూశాడు. మీటరు అంకెలు చూశాడు. తర్వాత తలెత్తి ఓనరు గారి మొలకు వేలాడే తాళంచేతుల వైపు చాలాసేపు చూశాడు. ఎవరు తీశారని అడగలేదు. అడగకూడదనుకున్న మనిషిని నేను అప్పుడే మొదట చూశాను.

కేసు లేదు. ఈ బస్సుకు ఇక మీదట కూపన్లు లేవని మాత్రం రాసి వెళ్లాడు, బండి లేవటానికి కావలసిన చుక్కకు కూడా. ఆ చుక్క లేకపోతే బొగ్గు ఎంత ఉన్నా బస్సు కదలదు.

ఆ సాయంత్రమే బస్సును తోసుకొచ్చి షెడ్డులో మూలకు పెట్టారు. ఆ మూల మా తలుపు ముందే. తలుపుకూ బస్సుకూ మధ్య మనిషి పట్టే సందు మాత్రం మిగిలింది, నిండు చూలాలు పట్టదు. పక్కకు జరపమని అడిగాను. "జాగా యాడుందయ్యా?" అన్నారు ఓనరు గారు, ఎప్పటి నెమ్మదితోనే. నన్ను పనిలోంచి తీసేయలేదు. నిజం చెప్పినందుకు గుమాస్తాను వెళ్లగొట్టాడన్న మాట ఆయనకు అక్కర్లేదు. పేటలో మిగతా సర్వీసులవాళ్లెవరూ నన్ను పనిలో పెట్టుకోలేదు. డ్రైవరుకు సగం జీతం ఇచ్చి, ఆ కదలని బస్సుకు కాపలా పెట్టారు.

అతను రోజూ పొద్దున్నే వచ్చి స్టీరింగు ముందు కూర్చునేవాడు. మొదటి రోజు నాతో ఒకటే మాటన్నాడు.

"జైలు తప్పించావు అన్నా. రోడ్డు గూడా తప్పించావు."

నేను చేసింది దేవుని ఎదుట సరైనదేనని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అయినా పొద్దున్నే ఆ స్టీరింగు వైపు చూడకుండా దాటేవాణ్ణి.

ఆదివారం మందిరానికి పోవాలంటే మేము ఆ బస్సులోంచే పోవాలి. బస్సు పక్కనున్న రెండు తలుపుల్లో వెనకది మా గుమ్మానికి ఎదురుగా ఉండేది. అందులో ఎక్కి, సీట్ల మధ్యగా నడిచి, ముందు తలుపు నుంచి షెడ్డులోకి దిగేవాళ్లం. మా ఆవిడ ఎక్కలేక ఆయాసపడితే డ్రైవరు లేచి వచ్చి చెయ్యి అందించేవాడు.

"ఎంతదాకా వదినా?" అని అడిగేవాడు.

"మందిరం దాకా."

"కూచోండి. కాస్త ఆలస్యమవుద్ది," అనేవాడు. ముందు తలుపు తెరిచి, మేమిద్దరం దిగాక మళ్లీ మూసి, తన సీట్లోకి పోయి కూర్చునేవాడు.