కడిగిన కాఫీ, కడగని కాఫీ, మావయ్య ముక్కు

ఇది ఒక సామ్రాజ్యం కూలిన గాథ. ఇందులో కొండలున్నాయి, అకాల వర్షాలున్నాయి, ఒక రాజున్నాడు, ఆయన దాచిన రహస్యముంది, చివర్లో నమ్మకద్రోహం కూడా ఉంది.

నిజానికి అంత లేదు. కొండలు పాడేరు వైపువి, నేనెప్పుడూ చూడలేదు. సామ్రాజ్యమంటే తెనాలిలో మా కాఫీ పొడి కొట్టు. ముగ్గురు ఒకేసారి వస్తే మూడోవారు మెట్టు మీద నిలబడాలి. రాజు మా మేనమామ. ద్రోహం చేసింది నేను, అదీ మూడు స్టీలు గ్లాసులతో.

మావయ్య గింజలు వేయించేటప్పుడు గడియారం చూడడు. మిషన్ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, గాలి ఒకసారి లోపలికి పీల్చి "దించెయ్" అంటాడు. రేపల్లెలో హోటల్ వాళ్లు ఫోన్ చేస్తే బరువు తర్వాత చెప్పేవారు, ముందు "ఆయన వాసన చూసిందేనా?" అని అడిగేవారు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా సాయంగా ఉందామని నేను ఆ కొట్టులో చేరాను. ఇప్పటికీ సాయంగానే ఉన్నాను.

బాపట్లలో కాలేజీ పిల్లల కోసం కాఫీ షాపు పెట్టిన ఒక అక్క మా దగ్గరే గింజలు కొంటుంది. పాలు, చికోరీ లేకుండా తాగినా తియ్యగా అనిపించే కాఫీ కావాలంది. నేను కొండ మీది రైతుకి ఫోన్ చేశాను. ఆయన ఒకే తోటలో, ఒకే కోతలో వచ్చిన పండ్లను రెండు రకాలుగా చేసి నమూనాలు పంపాడు.

ఒకటి కడిగింది, వాష్డ్ అంటారు. పండు తొక్క తీసేసి, గింజకి పట్టుకున్న జిగురు వదిలేదాకా తొట్టిలో నాననిచ్చి, కడిగి, ఆరబెడతారు. పండు అడ్డు లేదు కాబట్టి గింజలో ఉన్న పులుపు శుభ్రంగా, నిమ్మచెక్క నాలుక మీద పెట్టినట్టు తెలుస్తుంది. రెండోది కడగనిది, నేచురల్. పండుని పండుగానే మంచెల మీద పరిచి, రోజూ తిరగేస్తూ వారాల తరబడి ఎండబెడతారు. గింజ అన్నాళ్లూ ఆ గుజ్జులోనే ఉంటుంది. అందుకని కాఫీ చిక్కగా, పండిన నేరేడుపళ్ల బుట్ట పక్కన కూర్చున్నట్టు ఉంటుంది, పులుపు వెనక్కి తగ్గి తీపి ముందుకొస్తుంది. కాకపోతే ఆరబెట్టేటప్పుడు మందంగా పోసినా, వాన తగిలినా అదే గుజ్జు పులిసి, గింజకి కంపు పట్టిస్తుంది.

రెండిటినీ వేయించి, పొడి కొట్టి గ్లాసుల్లో వేసి, వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలాగి పైన కట్టిన తెట్టుని చెంచాతో చీల్చాను. వాసన అసలు అప్పుడే వస్తుంది. మావయ్య వంగి, గుండెల నిండా పీల్చాడు. తర్వాత ఒక్కో చెంచా జుర్రాడు.

"ఎట్టా ఉంది మావయ్యా?"

"మొదటిది పుల్లగా ఉందిరా. రెండోది చప్పిడి. దీనికింత హడావుడేంటి?"

"చప్పిడేంటి మావయ్యా! పండ్ల రసంలా ఉంటే!"

"నీకు ఊహ ఎక్కువ. అందుకే ఉద్యోగం రాలా."

పాతకాలం మనిషి, కొత్తది ఒప్పుకోడనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. అక్క కోసం నేచురల్ మూడు బస్తాలు తెప్పించాను. అవి వచ్చిన రోజు నేను రేపల్లెలో సరుకు దింపుతున్నాను. మావయ్య బస్తాలు విప్పి, గుప్పెడు గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగున్నాయి" అని వేయించి బాపట్ల పంపించేశాడు.

నాలుగో రోజు అక్క తనే బస్సెక్కి వచ్చింది. సంచి కౌంటర్ మీద పెట్టి అంది:

"బాబాయ్ గారూ, ఏమనుకోకండి. ఇది కాఫీయా, కల్లా? ఒక పిల్లాడు తాగి, అక్కా దీనికి ఐడీ కార్డు చూపించాలా అని అడిగాడండి."

నేను సంచి మూతి విప్పాను. విప్పక్కర్లేదు, రెండడుగుల దూరం నుంచే వచ్చింది, పులిసిపోయిన పండ్ల కంపు. ఒక బస్తా ఎక్కడో వానలో చిక్కి ఉంటుంది. అది పెద్ద విషయం కాదు, రైతుకి చెప్తే మార్చి ఇస్తాడు. కానీ మావయ్య ఆ సంచిలోకి వంగి, అదే కళ్లు మూసుకుని, అదే గుండెల నిండా పీల్చి అన్నాడు:

"బానే ఉందే!"

అక్క నా వైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఫ్యాన్ సలహాలేమీ ఇవ్వలేదు.

ఆమె వెళ్లాక, మావయ్య భోజనానికి లోపలికెళ్లినప్పుడు, నమూనాలో మిగిలిన మంచి నేచురల్ ఒక గ్లాసు కలిపాను. నా ముక్కు గట్టిగా మూసుకుని తాగాను. నేరేడుపళ్లు లేవు. తీపి లేదు. కాస్త చేదున్న వేడినీళ్లు. ముక్కు వదిలాను, బుట్టెడు పళ్లూ తిరిగొచ్చాయి. మళ్లీ మూసుకుని వాష్డ్ తాగాను. వాసన పోయింది గానీ పులుపు మాత్రం నాలుక పక్కల కూర్చునే ఉంది. అంటే నేను తీపి అనుకున్నది చాలావరకూ నాలుకది కాదు, ముక్కుది.

మొదటిది పుల్లగా, రెండోది చప్పిడి. మావయ్య మొండిగా మాట్లాడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

అయినా నాకు రుజువు కావాలి. మావయ్య వచ్చాక మూడు గ్లాసులు పెట్టాను. వాష్డ్ ఒకటి, మంచి నేచురల్ ఒకటి, కంపు కొట్టేది ఒకటి. ఆయన జుర్రి, వాష్డ్‌ని వెంటనే పక్కకి జరిపాడు. మిగతా రెండిటి మధ్య చెంచా చాలాసేపు తిరిగింది. చివరికి చెంచా కింద పెట్టేశాడు.

"ఎప్పట్నుంచి మావయ్యా?"

"అప్పుడు జ్వరమొచ్చింది చూడు, అందరికీ వచ్చింది. అప్పట్నుంచి."

"ఏళ్లయింది కదా!"

"వాసన తిరిగి రావచ్చన్నాడు డాక్టరు. నిమ్మకాయలు, లవంగాలు రోజూ వాసన చూడమన్నాడు. చూశా. లవంగం ఎట్టా ఉంటదో గుర్తుంది గానీ, అదొచ్చేది గుర్తులోంచే రా, ముక్కులోంచి కాదు."

"మరి ఇన్నాళ్లూ ఎట్టా వేయించావు?"

"రంగు చూసి. గింజ చిటచిటలాడేది విని." చెంచా తుడుస్తూ, "మీ అత్తకి తెలీదు. సాంబారు బాగుందంటన్నా రోజూ" అన్నాడు.

"అత్త సాంబారుకి ముక్కు లేకపోవడం అదృష్టం మావయ్యా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా జోకులు అప్పుడప్పుడూ పనిచేయవు, ఆ రోజు అసలు పనిచేయలేదు. ఆయన వాష్డ్ గ్లాసు దగ్గరికి లాక్కుని, చల్లారిపోయినదాన్ని కొంచెం కొంచెంగా తాగాడు.

"ఇదొక్కటే కాస్త అందుతుందిరా," అన్నాడు. "పులుపొకటే మిగిలింది."

గ్లాసులు కడిగాను.

ఆ తర్వాత రైతు బస్తా మార్చి ఇచ్చాడు, అక్క మళ్లీ మా దగ్గరే కొంటోంది. గింజల వాసన ఇప్పుడు నేను చూస్తున్నాను. బయట మాత్రం ఎవరికీ చెప్పలేదు. మావయ్య మిషన్ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, గాలి పీలుస్తాడు. వెనకనుంచి నేను ఒకసారి దగ్గుతాను. "దించెయ్" అంటాడు. మెట్టు మీద నిలబడ్డ కస్టమర్లు తలూపుతారు. వాసన ఇక రాదని డాక్టరు చెప్పలేదు, వస్తుందనీ చెప్పడం మానేశాడు.

నేచురల్ గింజలు వేయిస్తే వాష్డ్ కన్నా పొట్టు ఎక్కువ రాలుతుంది. దానికి నిప్పంటుకుంటే కాలిన వాసన మావయ్యకి తెలియదు. అందుకని మిషన్ కింద పొట్టు పడే డబ్బాని రెండు విడతలకొకసారి ఖాళీ చేయాలి.