జీవాలంటే ఏవి సార్?

నల్లగొండలో పశుపోషకులకు సాయం చేసే ఒక సంస్థలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఊళ్లలో టీకాల క్యాంపులు పెట్టించడం నా పని. డాక్టర్లను పిలవాలి, జనానికి చెప్పాలి, అన్నీ సమకూర్చాలి. మేం మర్రిగూడ దిక్కువాళ్లం. మా బాపు గొర్రెల కాపరి. జీవాల మధ్యనే పెరిగినదాన్ని, నాకు తెలియనిదేముంటుంది అని చేరిన రోజు నుంచీ కాస్త మిడిసిపడుతూనే ఉన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం మా మేనేజరు నుంచి మెయిల్ వచ్చింది. ఆయన గోదావరి జిల్లాల మనిషి, హైదరాబాద్ ఆఫీసులో ఉంటాడు, వచ్చి ఎన్నాళ్లో కాలేదు. మెయిల్ మొత్తం ఇంతే: "మర్రిగూడ మండలంలో వచ్చే వారం జీవాలకు టీకాల క్యాంపు. దూడలను కూడా తీసుకురమ్మని చెప్పండి. ఏర్పాట్లు మీరు చూసుకోండి."

మా మండలం, అందులోనూ నాకే అప్పగించారు! సంతోషంతో కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. అదే ఊపులో బాపుకు ఫోన్ చేశాను. అప్పటికి వరికోతలు అయిపోయాయి. మా ఊరి మందలన్నీ మేతకు కేతేపల్లి వైపు, మూసీ కింది కోసిన మళ్లలోకి పోయి ఉన్నాయి. బాపు కూడా అక్కడే.

"వచ్చే వారమా? గట్లయితే రేపు మాపటి లోపల బయలెల్లాలె బిడ్డా. ఈనే గొర్లున్నయి, ఉరికిస్తే ఆగమైతయి, నిమ్మళంగ నడిపియ్యాలె. టీకా అంటే మానేదిగాదు గద. మంద ఎనుకకు మలపాల్నా?"

"మలుపు" అనబోయి ఆగిపోయాను. మెయిల్లోని ఒక మాట అప్పుడు కళ్లలో పడింది. దూడలు. గొర్రెకు దూడెక్కడిది?

"జరసేపు ఆగు బాపు, మళ్ల చేస్త" అని పెట్టేశాను.

పక్క టేబుల్ దగ్గర మా సీనియర్ ఉంటాడు. సంస్థ పెట్టినప్పటి నుంచీ ఉన్నవాడు, మాకందరికీ అన్న. మెయిల్ చూపిస్తే ముక్కు మీదికి కళ్లద్దాలు లాక్కుని చదివాడు.

"జీవాలంటే గొర్లు, మేకలు. గిందుల అడిగేదేముంది చెల్లె?"

"మరి దూడలెందుకొచ్చినయన్నా?"

"ఆ సారుది గోదావరి దిక్కాయె. గొర్రెపిల్లను గూడ దూడ అంటడేమో, మనకేం ఎర్క?"

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక నాకు భయమేసింది. క్యాంపు నిజంగా ఆవులకూ బర్లకూ అయితే? మా బాపు, ఆయన వెంట ఊరివాళ్లందరూ, చూడిగొర్రెలను అంత దూరం నడిపించుకొచ్చి ఉత్త చేతులతో నిలబడతారు. నేను చెప్పాననే నడుస్తారు.

ఫోన్ చేస్తే మేనేజరు ఎత్తలేదు. "మీటింగులో ఉన్నాను, మెయిల్ పెట్టండి" అని మెసేజ్ వచ్చింది.

"పెట్టకు" అన్నాడు అన్న. "కొత్తగ చేరినవు. ఏం తెల్వనిదనుకుంటడు. ఆయన మాట తప్పు పట్టినట్టయితది."

నా కోపం సంగతి నాకు తెలుసు. మొదట రాసింది ఇదీ: "సార్, మీ మెయిల్లో ఏ వివరమూ లేదు." చదువుకుని నాకే చెంప ఛెళ్లుమన్నట్టయింది, చెరిపేశాను. రెండోసారి రాసిందాంట్లో క్షమాపణలు తప్ప అసలు సంగతే లేదు. అదీ చెరిపేశాను. ఆయన తప్పు ఎంచడం కాదు, నాకు పని చేయడానికి ఏం కావాలో చెప్పాలి, అంతే కదా అనుకున్నాక వేళ్లు వాటంతటవే కదిలాయి. విషయం దగ్గర "మర్రిగూడ టీకాల క్యాంపు: కొన్ని వివరాలు కావాలి" అని పెట్టి ఇలా రాశాను:

"సార్, నమస్కారం. ఈ క్యాంపు నాకు అప్పగించినందుకు ధన్యవాదాలు. పశువుల దవాఖాన డాక్టరు గారిని కలిసే ముందు మీ నుంచి కొన్ని వివరాలు కావాలి. మా వైపు జీవాలు అంటే గొర్రెలు, మేకలు మాత్రమే. మీ మెయిల్లో దూడలు అని కూడా ఉంది. అందువల్ల క్యాంపు గొర్రెలు, మేకలకా, ఆవులు, గేదెలకా, లేక అన్నింటికీనా అన్నది దయచేసి తెలపగలరు. ఏ జబ్బుకు టీకా, ఏ రోజు, ఏ ఊళ్లో అన్నది కూడా చెబితే దాని ప్రకారం ఏర్పాట్లు చేస్తాను. గొర్రెల మందలు ఇప్పుడు కేతేపల్లి వైపు మేతలో ఉన్నాయి. రావాలంటే వాళ్లు రేపే బయలుదేరాలి. రేపు మధ్యాహ్నంలోపు మీ జవాబు అందితే కాపరులకు సరైన మాట చెప్పగలను."

అన్న రెండుసార్లు చదివాడు. "బర్లను గేదెలని రాసినవు, మంచిగ జేసినవు" అన్నాడు. పంపు అని మాత్రం అనలేదు. నేనే నొక్కాను.

ఇక ఆ సాయంత్రమంతా నాకు వేరే పని లేదు. ఫోన్ తీయడం, చూడడం, పెట్టడం. మర్నాడు ఆఫీసుకు అందరికంటే ముందే పోయాను. బాపు ఫోన్ మీద ఫోన్.

"బిడ్డా, అందరు నన్నే అడుగుతాండ్రు. మంద మలపాల్నా, వద్దా?"

"జర ఆగు బాపు. సారును అడిగిన."

"సారునే అడిగినవా! కోపానికి రాడా?"

"ఏమో బాపు" అన్నాను. నిజంగానే ఏమో.

మధ్యాహ్నం కాబోతుండగా జవాబొచ్చింది. తెరవడానికి ధైర్యం చాలక అన్నను పిలిచాను. ఇద్దరం తలలు ఆనించి చదివాం.

"అడిగి మంచి పని చేశారండి. మా ఇంట్లో ఆవుల్నీ గేదెల్నీ జీవాలనే అంటాం, ఆ అలవాటులో రాసేశాను. క్యాంపు వాటికే, గాలికుంటు టీకా. బుధవారం ఉదయం, మర్రిగూడ పశువుల దవాఖాన దగ్గర. గొర్రెలను వెనక్కి రప్పించకండి. వాటికి టీకాలు అవి ఉన్న చోటే వేయించాలంటే ఏం చేయాలో మీరే రాసి పంపండి."

నేను అరిచిన అరుపుకు పై అంతస్తువాళ్లు తొంగిచూశారు. "అరే, నీదే గెలుపు చెల్లె!" అని అన్న బల్ల మీద గుద్దాడు.

మంద మలపొద్దని బాపుకు చెప్పాను. అటువైపు కాపరుల కేకలు వినిపించాయి. ఆయన మాత్రం, "ఏం రాసినవో సదువు" అన్నాడు. చదివాను. చివరిదాకా విని, "ఇంట్లనేమో బువ్వేదని మొత్తుకుంటవు. సారుకైతే దయచేసి, తెలపగలరు! గా మాటలు మా దగ్గర ఎన్నడన్నా అన్నవా?" అని దులిపేశాడు. ఆ గొంతులో గర్వం నాకు తెలుస్తూనే ఉంది.

బుధవారం మర్రిగూడ దవాఖాన ముందు ఆవులు, బర్లు, దూడలు. ఎక్కడ చూసినా అరుపులే. మేనేజరు కూడా వచ్చాడు. నన్ను చూడగానే, "ఇవి జీవాలు కాదు కదండీ?" అన్నాడు. "కాదు సార్, గొడ్లు" అన్నాను. ఇద్దరం నవ్వాం. గొర్రెలకు కేతేపల్లిలో పెట్టే క్యాంపు తేదీ కూడా అక్కడే ఖాయమైంది.

ఆ సందట్లోనే బాపు ఫోన్.

"నల్లగొర్రె ఈనింది బిడ్డా! కష్టం కాన్పు. చేయి పెట్టి తియ్యాల్సొచ్చింది. తొవ్వల ఉంటే తల్లీ దక్కకపోయేది, పిల్లలూ దక్కకపోయేటివి. జోడు పిల్లలు!"

కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాపు, రెండు దూడలూ మంచిగున్నయా?"

అటువైపు నుంచి ఆయన నవ్వు, దాని వెనక సన్నగా పిల్లల అరుపు వినిపించాయి.