ప్లస్సయిపోయిన జీలకర్ర గింజ

బిలాస్‌పూర్ రైల్వే యార్డులో లెక్కల్లో నన్ను మించినవాడు లేడని మా కోడలితో చాలాసార్లు చెప్పాను. నిజానికి నేను గూడ్స్ గార్డుగా పనిచేసినవాణ్ణి. నాకొచ్చిన లెక్క వ్యాగన్లు లెక్కపెట్టుకోవడం వరకే. పాపం, ఆ కోతలు నమ్మి కోడలు మనవరాలి లెక్కలు నాకప్పజెప్పింది. ఈమధ్య అనుమానం వచ్చినట్టుంది. "ఈసారీ హోంవర్కు తప్పయితే తెలిపారా పేటలో ట్యూషన్‌కి పంపించేస్తాను మావయ్యా" అనేసింది. అంటే సాయంత్రం పూట పిల్ల నా దగ్గర ఉండదు. ఇక నా కోతలు గోడకి చెప్పుకోవాలి.

ఆ సాయంత్రం పిల్ల నోటుబుక్కు బల్లమీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అందులో రెండు సమీకరణాలు: 2x + y = 11, x − y = 1. పక్కనే మా ఆవిడ పళ్ళెంలో జీలకర్ర బాగుచేస్తోంది. నేను చటుక్కున ఫోన్‌తో ఫొటో తీశాను. ఫొటో చూపిస్తే లెక్క చేసిపెట్టే యాప్ ఒకటుంది లెండి. అది రెండోదాన్ని మొదటిదాంట్లోంచి తీసేసి x = 10, y = −9 అంది. ఫోన్ జేబులో దోపి, నా చేతిరాతతో బుక్కులో ఎక్కించేసి, పిల్ల రాగానే చూపించాను.

"నోటితోనే చేసేశాను. సరిచూసుకో. రెండు పదులు ఇరవై, అందులోంచి తొమ్మిది పోతే పదకొండు. అయిపోయింది!"

"అచ్ఛా, మరి రెండోది?"

"రెండోదెందుకే? ఒకటి సరిపోయింది కదా!"

"రెండింట్లోనూ పెట్టి చూడాలని మా టీచర్ చెప్పింది తాతా." పెన్సిల్ తీసింది. "పదిలోంచి మైనస్ తొమ్మిది తీసేస్తే పంతొమ్మిది. ఒకటి రావాలి కదా. ఏటిది తాతా?"

"మీ బుక్కు తప్పు" అన్నాను ధైర్యంగా.

పిల్ల అనుమానంగా నా జేబులోంచి ఫోన్ లాగి, యాప్‌లో ఉన్న ఫొటో పెద్దది చేసింది. మైనస్ గీతకి అడ్డంగా ఒక జీలకర్ర గింజ నిలువుగా పడుకునుంది! యాప్ దాన్ని ప్లస్ అనుకుంది. బుక్కు మీద ఆ గింజ ఇప్పుడు లేదు, ఎటో దొర్లిపోయింది.

"నోటితో చేశారా? నా జీలకర్రతో చేశారా?" అంది మా ఆవిడ.

పిల్ల నవ్వుతూనే రెండు సమీకరణాలూ కూడింది. y పోయింది, 3x = 12 మిగిలింది. x నాలుగు, y మూడు. ఎనిమిదీ మూడూ పదకొండు, నాలుగులోంచి మూడు పోతే ఒకటి. రెండూ కుదిరాయి.

అప్పుడే కోడలు డ్యూటీ నుంచి వచ్చింది. పిల్ల గింజ కథంతా గడగడా చెప్పేసింది. నాకు తెలిపారా ట్యూషన్ కళ్ళముందు కనిపించింది.

కోడలు బుక్కు తిరగేసి, "తప్పు నువ్వే పట్టుకున్నావు కదా, ఇంక ట్యూషనెందుకు?" అంది.

"అలా పట్టుకోవడం నేర్పిందెవరనుకున్నావు?" అన్నాను మీసం దువ్వుతూ.

వాళ్ళ టీచరమ్మేనని మీకు తెలుసు. కోడలికీ తెలుసనుకుంటాను, ఎందుకంటే మర్నాటి నుంచి లెక్కల వేళకి నా ఫోన్ తన దగ్గరే ఉంచుకుంటోంది.