మైకు బాబాయి ఓటీజీ, పిన్ని మౌనం

పెద్ద గుమాస్తా గారి రిటైర్మెంటు సభలో మేనేజరు గారు "వీరి మాటలు మన చెవుల్లో ఎప్పటికీ మోగుతూనే ఉంటాయి" అని ముగించి కూర్చున్నారు. వెంటనే వేదికకు రెండు పక్కలా ఉన్న పెద్ద స్పీకర్లు ఒక ఆడమనిషి గొంతుతో, "ఆ చిరిగిన బనీను వేసుకుని ఇంకోసారి గుమ్మంలో నిలబడ్డారంటే నేను మనిషిని కాను, చెప్తున్నా!" అన్నాయి.

సభలో ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఇద్దరు ఆఫీసర్లు మాత్రం చొక్కా పైగుండీలు పెట్టుకున్నారు. వినికిడి కాస్త తక్కువైన పెద్ద గుమాస్తా గారు ఎవరో తనను పొగుడుతున్నారనుకుని లేచి దణ్ణం పెట్టారు. "వచ్చేటప్పుడు పాలు మర్చిపోతే అటునించి అటే వెళ్ళిపోండి" దాకా వినిపించాక మైకు బాబాయికి ఆపే మీట దొరికింది.

ఆ గొంతు మా పిన్నిది. బాబాయి, పిన్ని అంటున్నానే గానీ వాళ్ళు నాకు పక్కింటివాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా మైకు సెట్లు అద్దెకిస్తున్న ఆయన్ని ఊళ్ళో అందరూ మైకు బాబాయి అనే పిలుస్తారు. తీగలు చుట్టిపెట్టడం నాకు సరదా కాబట్టి ఆయన వెంట తిరుగుతుంటాను. ఎదుటి మనిషి చెప్పేది సగం వినేలోపే "తెలుసు తెలుసు" అనడం ఆయన స్వభావం. ఫోను చెప్పేది అయితే సగం కూడా చదవడు.

జరిగింది ఇదీ. ఆయన పాత కంప్యూటరు పోయింది. దాని బదులు బొటనవేలంత ఓటీజీ అడాప్టరు కొన్నాడు. ఒక కొస ఫోనులో గుచ్చి, రెండో కొసలో పెన్‌డ్రైవు పెడితే ఫోనులోని పాటలు అందులోకి ఎక్కించుకోవచ్చు. ఆయన ఫోనులో 'ఆడియో' అన్న చోటికెళ్ళి, ఒక్కొక్కటీ ఏరుకునే ఓపిక లేక, 'అన్నీ ఎంచుకో' నొక్కి కాపీ కొట్టేసి, ఆ పెన్‌డ్రైవే సభలో పెట్టాడు. ఆయన ఫోను వచ్చిన ప్రతి కాల్‌నీ దానంతటదే రికార్డు చేసి దాచుకునే రకం. దాని లెక్కలో పాటా ఆడియోనే, పిన్ని తిట్టూ ఆడియోనే.

సంగతి పిన్నికి సాయంత్రానికే చేరింది. చేరవేసిన వాళ్ళు ఆమె గొంతును అనుకరించి మరీ చేరవేశారు. ఆ రోజు నుంచి ఆమె బాబాయితో మాట్లాడ్డం మానేసింది. ఫోనైతే అసలు ఎత్తదు. ఏదన్నా చెప్పాలంటే గోడ ఇవతల ఉన్న నాకు చెప్పేది.

"ఏరా, మీ బాబాయిని అన్నానికి రమ్మను."

బాబాయి ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి ఉండేవాడు. నేను రమ్మనేవాణ్ణి. ఆయన వచ్చేవాడు.

మూడు వారాలు ఇలా గడిచాక బడి వార్షికోత్సవం వచ్చింది. పిన్ని ఆ బళ్ళో ఒకటో తరగతి టీచరు. ఇరవై రెండుమంది పిల్లలకు రెండు నెలలుగా డాన్సు నేర్పుతోంది. ఏడో అంశం వాళ్ళదే. మైకు మాత్రం ఎప్పట్లాగే బాబాయిది. ముందురోజు పిన్ని ఒక పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టింది.

"ఇందులో మా పిల్లల పాటుంది. మీ బాబాయికివ్వు. ఈసారి గనక నా పరువు తీశాడో, ఈ జన్మకి ఇంక మాటల్లేవని చెప్పు."

బాబాయికి చెప్పాను. ఆయన "తెలుసు తెలుసు" అన్నాడు. పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నాడు. పెట్టి చూడలేదు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఉత్సవం మొదలైంది. బాబాయి పాత పెన్‌డ్రైవులో మిగతా పదమూడు పాటలూ ఉన్నాయి. ఆరో డాన్సు అయ్యాక పెద్ద టీచరు గారు నివేదిక చదవడానికి లేచారు. ఆ సందులో బాబాయి పిన్ని ఇచ్చిన పెన్‌డ్రైవుని ఆంప్లిఫయరు పెట్టెకు గుచ్చాడు. పెట్టె ఎర్రక్షరాలతో 'ఎర్రర్' అంది. తీసి, ఊది, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే.

"బడి కంప్యూటర్లో కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేసుంటారు," అన్నాడు డ్రాయింగు మాస్టారు. "మీ పెట్టె ముసలిది, ఫ్యాట్32 అనే పాత పద్ధతి తప్ప చదవదు. ఇప్పుడు ఫార్మాట్ మార్చేస్తే పట్టుకుంటుందిలెండి."

"పట్టుకుంటుంది. పాట పోయాక, ఖాళీదాన్ని," అన్నాడు బాబాయి. ఫార్మాట్ కొడితే లోపలిదంతా తుడిచిపెట్టుకుపోతుందని ఆయన గతంలో ఒకసారి సొంత ఖర్చు మీద నేర్చుకున్నాడు.

దారి ఒక్కటే. ఆయన ఫోను కొత్తది, రెండు రకాలూ చదువుతుంది. పిన్ని పెన్‌డ్రైవుని ఓటీజీతో ఫోనుకి తగిలించి పాటను ఫోనులోకి తెచ్చుకోవాలి. తర్వాత ముసలి పెట్టె చదివే పాత పెన్‌డ్రైవుని తగిలించి అందులోకి పంపాలి. నివేదిక అయ్యేలోపు.

తగిలించాడు. ఫోను ఉలకలేదు, పలకలేదు.

"పొద్దున పనిచేసిందిరా ఇది! ఈ అడాప్టర్లన్నీ దొంగసరుకు." జేబులోంచి రెండోది తీశాడు. ఉలకలేదు. మూడోది తీశాడు. నెల రోజుల్లో ఆయన ఇలాగే మూడు కొన్నాడని అప్పుడే నాకు తెలిసింది.

వేదిక వెనకనుంచి ఇరవై రెండుమంది పిల్లలు, రెక్కలు కట్టుకుని సీతాకోకచిలకల్లా తొంగిచూస్తున్నారు. వాళ్ళ ముందు పిన్ని. ఒక నిమిషం చూసింది. విసవిసా దిగొచ్చి బాబాయి చేతిలోంచి ఫోను లాక్కుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి 'ఓటీజీ' అన్న మాట పట్టుకుని, దాని కిందున్న సన్నక్షరాలు పైకే చదివింది, ఒకటో తరగతికి చదివినట్టు.

"పది నిమిషాలు వాడకపోతే... ఓటీజీ కనెక్షన్... దానంతటదే... ఆగిపోతుంది." తలెత్తింది. "మూడు అడాప్టర్లు కొన్నారు గానీ ఈ ఒక్క లైను చదవలేకపోయారా?"

మూడు వారాల తర్వాత ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. బాబాయి ముఖం వెలిగింది. "తెలుసు తెలుసు" అనబోయి మింగేశాడు.

ఆమె ఆ లైను పక్కనున్న మీట నొక్కగానే పెన్‌డ్రైవు కనిపించింది. బాబాయి ఒక్క పాట మీదే వేలు ఒత్తిపట్టి, 'ఒకటి ఎంచుకున్నారు' అని తెరమీద వచ్చినదాన్ని ఆమెకు చూపించాడు. ఆమె తలూపాక కాపీ కొట్టాడు. పూర్తయ్యిందని వచ్చేదాకా ఆగి, ఎజెక్ట్ నొక్కి తీశాడు. పాత పెన్‌డ్రైవుతో మళ్ళీ అంతా చేశాడు. పెద్ద టీచరు గారి నివేదిక పొడుగు గురించి ఏటా సణిగే నేను, ఈసారి మరుగుదొడ్ల మరమ్మతుల పేరా కూడా ఉండాలని కోరుకున్నాను. ఉంది.

ఆ పెట్టె పాటల్ని ఎక్కించిన వరసలోనే వాయిస్తుంది. కాబట్టి ఏడో అంశం పాట పద్నాలుగోదిగా చేరింది. బాబాయి వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ మీట నొక్కాడు. స్పీకర్లు ఒక్క క్షణం గుర్రుమన్నాయి. పిన్ని కళ్ళు మూసుకుంది.

పాటే వచ్చింది. ఇరవై రెండు సీతాకోకచిలకలూ ఎగిరాయి. ఒకటి మాత్రం రెక్క ఊడి, దాన్ని వెతుక్కుంటూ చివరిదాకా వేదిక మీదే తిరిగింది. చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి.

అంతా అయ్యాక నేను తీగలు చుడుతున్నాను. ఫోను ఇంకా పిన్ని దగ్గరే ఉంది. ఆడియో జాబితాను వేలితో కిందికి జరుపుతూ, జరుపుతూ, ఆగింది.

"ఇదేంటండీ? నా కాల్స్ అరవై ఒకటీ ఇందులో అలాగే ఉన్నాయి. అంత రభస జరిగినా చెరపలేదా మీరు?"

బాబాయి స్పీకరు మీద గుడ్డ కప్పుతూ, తల తిప్పకుండానే అన్నాడు: "నువ్వు మాట్లాడని మూడు వారాలూ నన్ను తిట్టింది అవే కదే."